మార్కుల పోర్టల్‌కు ముప్పు ఎటునుంచి?

ఒక వెబ్ అప్లికేషన్ ఇంకా కాగితం మీద బొమ్మగా ఉండగానే, దాన్ని ఎవరు, ఎక్కడ, ఏ రకంగా దెబ్బతీయగలరో వరసగా ఆలోచించి రాసిపెట్టే పనిని థ్రెట్ మోడలింగ్ అంటారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు డిజైన్ అసైన్‌మెంటుగా ఇది తరచుగా వస్తుంటుంది. ఆలోచన దారి తప్పకుండా ఉండటానికి ఎక్కువమంది ఎంచుకునే పద్ధతి స్ట్రైడ్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న లోరెన్ కోన్‌ఫెల్డర్, ప్రేరిత్ గార్గ్ 1999లో దీన్ని రూపొందించారు. ఆరు రకాల ముప్పుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే ఆ పేరు వస్తుంది.

మొదటిది స్పూఫింగ్, అంటే ఒకరు మరొకరిలా నటించి లోపలికి రావడం. టాంపరింగ్ అంటే సమాచారాన్ని తారుమారు చేయడం. రిప్యూడియేషన్ అంటే చేసిన పనిని చేయలేదనో, చేయని పనిని చేశాననో బుకాయించడం, కాదని రుజువు చేసే ఆధారం ఎవరి దగ్గరా లేకపోవడం. ఇన్ఫర్మేషన్ డిస్‌క్లోజర్ అంటే చూడకూడనివారి కంట సమాచారం పడటం. డినయల్ ఆఫ్ సర్వీస్ అంటే అవసరమైన వేళ సైటు పనిచేయకుండా పోవడం. చివరిది ఎలివేషన్ ఆఫ్ ప్రివిలేజ్, తనకు లేని అధికారాన్ని సంపాదించడం.

ఇక్కడ పరిశీలించే అప్లికేషన్ చాలా చిన్నది. విద్యార్థి హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అయి ల్యాబ్ అసైన్‌మెంటును పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేస్తాడు. గడువు ఆ రోజు రాత్రి 11:59. లెక్చరర్ ఆ ఫైళ్లు తెరిచి చూసి ఇంటర్నల్ మార్కులు నమోదు చేస్తారు. విద్యార్థి తన మార్కులు చూసుకుంటాడు. లోపల ఉన్నవి మూడే: ఒక వెబ్ అప్లికేషన్, ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, అప్‌లోడ్ అయిన ఫైళ్లు దాచే ఒక ఫోల్డర్. ఇంతే ఉన్న పోర్టల్‌లో కూడా అసలైన చిక్కులన్నీ కనిపిస్తాయి.

ముందు బొమ్మ గీయాలి

పని మొదలయ్యేది ముప్పుల జాబితాతో కాదు, డేటా ఫ్లో డయాగ్రమ్‌తో. ఇందులో నాలుగే గుర్తులు. వ్యవస్థకు బయట ఉన్నవారికి దీర్ఘచతురస్రం, పనిచేసే ప్రోగ్రాముకు వృత్తం, సమాచారం నిలవ ఉండే చోటుకు రెండు సమాంతర గీతలు, సమాచారం కదిలే దారికి బాణం. మన పోర్టల్‌లో బయటివారు ఇద్దరు, విద్యార్థి, లెక్చరర్. ప్రోగ్రాము ఒకటి. నిలవచోట్లు రెండు, డేటాబేస్, ఫోల్డర్. వీటిని కలిపే దారులు నాలుగు. రానూపోనూ ఒకే దారిగా లెక్కేసుకుంటే సరిపోతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. డేటా ఫ్లో డయాగ్రమ్ గీయమంటే ఫ్లోచార్ట్ గీస్తారు. "లాగిన్ సరైనదేనా? అవును, కాదు" అంటూ వజ్రాకారపు గళ్లు కనిపిస్తే ఆ బొమ్మ ఈ పనికి అక్కరకు రాదు. పనులు ఏ వరసలో జరుగుతాయన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఏ సమాచారం ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందన్నదే ప్రశ్న. ప్రతి బాణం మీదా ఒక వస్తువు పేరు ఉండాలి: పాస్‌వర్డ్, పీడీఎఫ్, మార్కులు. బాణం మీద "చెక్ చేయుట" వంటి క్రియ ఉందంటే గీసినది తప్పుదారి పట్టిందన్నట్టే.

తర్వాత నమ్మకపు హద్దు గీయాలి. చుక్కల గీతగా వేసే ఈ హద్దుకు ఒకవైపున ఉన్నది మన అదుపులో ఉంటుంది, రెండోవైపున ఉన్నది ఉండదు. విద్యార్థి బ్రౌజర్ హద్దుకు బయటే ఉంటుంది. పేజీలో జావాస్క్రిప్ట్‌తో పెట్టిన తనిఖీలన్నీ అతని కంప్యూటర్‌లోనే నడుస్తాయి కాబట్టి వాటిని తీసేయడం, పంపే విలువలు మార్చడం అతనికి నిమిషాల పని. మరి లెక్చరర్? చాలా అసైన్‌మెంట్లలో లెక్చరర్‌ను హద్దుకు లోపల గీస్తారు, నమ్మదగిన మనిషి కదా అని. ఇది పొరపాటు. మనిషి నమ్మదగినవారే కావచ్చు, కానీ ఆయన పేరుతో వచ్చే సందేశం ఆయనే పంపారన్న హామీ ఏమీ లేదు. హద్దు మనుషుల గుణగణాలను బట్టి కాదు, సందేశం ఎక్కణ్నుంచి వస్తోందన్నదాన్ని బట్టి పడుతుంది. అందుకే ఇద్దరి బ్రౌజర్లూ బయటే. డేటాబేస్‌కూ అప్లికేషన్‌కూ మధ్య కూడా ఒక హద్దు వేయడం మంచిది. రెండూ ఒకే యంత్రంలో ఉన్నా వేర్వేరు ఖాతాలతో, వేర్వేరు అధికారాలతో నడుస్తాయి.

ఇప్పుడు స్ట్రైడ్‌ను బొమ్మ మీద పరచాలి. ఆరు ముప్పులూ అన్నింటికీ వర్తించవు. బయటివారి విషయంలో అడగాల్సినవి రెండే: వారి వేషంలో మరొకరు రాగలరా, చేసిన పనిని వారు కాదనగలరా. ప్రోగ్రాముకు ఆరూ వర్తిస్తాయి. నిలవచోట్లకూ దారులకూ తారుమారు, బయటపడటం, స్తంభించడం అనే మూడు. లెక్క చూస్తే బయటివారికి 4, ప్రోగ్రాముకు 6, నిలవచోట్లకు 6, దారులకు 12, మొత్తం 28 గళ్ల పట్టిక తయారవుతుంది. ప్రతి గడిలోనూ ఏదో ఒకటి రాయాలి. ముప్పు లేదనుకుంటే ఎందుకు లేదో రాయాలి. ఖాళీ గడి ఉందంటే అక్కడ ఎవరూ ఆలోచించలేదని అర్థం.

గడిలో "ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే లాభం లేదు. అది దాడి చేసే ఉపాయం పేరు మాత్రమే. ఎవరు, ఏ దారిన, ఏం చేసి, ఏం సాధిస్తారన్నది వాక్యంగా రావాలి. "లాగిన్ అయిన విద్యార్థి వెతుకులాట పెట్టెలో ఎస్‌క్యూఎల్ ముక్క రాసి, డేటాబేస్‌లో తన మార్కులు మార్చుకుంటాడు" అన్నది ముప్పు. ఇలా రాసినప్పుడే దానికి విరుగుడు ఎక్కడ పెట్టాలో, పెట్టాక ఎలా పరీక్షించాలో తెలుస్తుంది.

మారువేషానికి విరుగుడు, దాని వెనకే మరో ముప్పు

హాల్‌టికెట్ నంబర్లు వరసగా ఉంటాయి. తన నంబరు తెలిసినవాడికి తరగతి మొత్తం నంబర్లు తెలిసినట్టే. మొదటి పాస్‌వర్డ్‌గా పుట్టినతేదీని పెట్టే డిజైన్ అయితే మారువేషం వేయడం మరీ తేలిక, ఎందుకంటే తోటివారి పుట్టినరోజు తరగతిలో ఎవరికి తెలియదు? కాబట్టి మొదటి లాగిన్ కాలేజీ ఈమెయిల్‌కు వచ్చే లింకుతో జరగాలి, పాస్‌వర్డ్‌ను విద్యార్థే పెట్టుకోవాలి. డేటాబేస్‌లో దాన్ని ఉన్నదున్నట్టు కాక, బీక్రిప్ట్ లేదా ఆర్గాన్2 వంటి నెమ్మది హ్యాష్‌గా దాచాలి.

ఊహించి కొట్టేవారిని ఆపడానికి చాలామంది రాసే విరుగుడు, ఐదుసార్లు తప్పితే ఖాతా మూసేయడం. ఇది ఒక గడిలో ముప్పును తీసి మరో గడిలో పెడుతుంది. గడువు రాత్రి ఒక విద్యార్థి తనకు నచ్చని సహాధ్యాయి నంబరుతో ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే చాలు, ఆ సహాధ్యాయి అసైన్‌మెంటు పంపలేడు. పోనీ, ఒకే ఐపీ చిరునామా నుంచి ఎక్కువ ప్రయత్నాలు వస్తే ఆ చిరునామాను ఆపేద్దామంటే, హాస్టల్ మొత్తం బయటికి ఒకే చిరునామాగా కనిపించే నెట్‌వర్కులు ఉంటాయి. ఒకడు చేసిన అల్లరికి హాస్టల్ అంతా బయట పడుతుంది. మధ్యేమార్గం ఆలస్యం. తప్పిన ప్రతిసారీ నిరీక్షణ కొన్ని సెకన్ల చొప్పున పెరుగుతూ ఒక నిమిషం దగ్గర ఆగిపోవాలి, ఆ ఖాతాతో ఇంతకుముందు విజయవంతంగా లాగిన్ అయిన బ్రౌజర్‌ను ఈ లెక్క నుంచి మినహాయించాలి. నిమిషానికి ఒక్క ఊహతో మంచి పాస్‌వర్డ్‌ను ఛేదించడం సాధ్యం కాదు.

తారుమారు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దారిలో వెళ్లే సమాచారానికి హెచ్‌టీటీపీఎస్ రక్షణ ఇస్తుంది, ఎస్‌క్యూఎల్ వాక్యాల్లో విలువలను విడిగా పంపే పద్ధతి ఇంజెక్షన్‌ను ఆపుతుంది. అయితే ప్రతి గడిలోనూ హెచ్‌టీటీపీఎస్ అని రాసేసే అలవాటు మాత్రం మానాలి. అది దారి మధ్యలో ఉన్నవాణ్ని ఆపుతుంది. దారి చివర కూర్చున్న విద్యార్థే విలువ మార్చి పంపితే అది చేయగలిగింది ఏమీ లేదు.

"నేను పంపాను సార్"

విద్యార్థుల పట్టికల్లో అన్నింటికంటే బలహీనంగా కనిపించేది బుకాయింపు గడి. "లాగ్‌లు ఉంచాలి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతారు. నిజానికి ఈ పోర్టల్‌లో రేపు తలెత్తబోయే తగాదాలన్నీ ఇక్కడివే. "రాత్రి 11:50కే పంపాను, సైటే పోగొట్టింది" అని విద్యార్థి అంటాడు. "నేను 18 వేశాను, ఇప్పుడు 12 కనిపిస్తోంది" అని లెక్చరర్ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు, ఇద్దరూ పొరబడి ఉండవచ్చు. తేల్చే ఆధారం డిజైన్‌లో లేకపోతే తర్వాత ఎక్కణ్నుంచీ పుట్టదు.

అప్‌లోడ్ విషయంలో మూడు పనులు జరగాలి. సమయం సర్వర్ గడియారం నుంచే రావాలి, బ్రౌజర్ పంపిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఫైలు పూర్తిగా చేరాక సర్వర్ దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ కట్టాలి. ఫైలు ఎంత పెద్దదైనా ఇది 64 అక్షరాల ముద్రగా వస్తుంది, లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర వేరైపోతుంది. తర్వాత హాల్‌టికెట్ నంబరు, సమయం, ఆ హ్యాష్ ఉన్న రసీదు విద్యార్థికి ఇవ్వాలి. రసీదులో సమయాన్ని విద్యార్థి దిద్దుకోకుండా, సర్వర్ తన దగ్గర మాత్రమే ఉన్న రహస్య కీతో రసీదు మొత్తానికి హెచ్‌మ్యాక్ కట్టి దాని కిందే జోడించాలి. ఆరు నెలల తర్వాత తగాదా వచ్చినా రసీదును తిరిగి లెక్కకట్టి చూస్తే అది అసలైనదో కాదో తేలిపోతుంది.

మార్కుల విషయంలో పాత విలువ మీద కొత్త విలువ రాసే డిజైనే తప్పు. ప్రతి మార్పూ విడి వరసగా చేరాలి: ఎవరు, ఏ సమయంలో, ఎంత నుంచి ఎంతకు. అప్లికేషన్ వాడే డేటాబేస్ ఖాతాకు ఆ పట్టికలో వరసలు చేర్చే అధికారం, చదివే అధికారం మాత్రమే ఇవ్వాలి.

```sql
GRANT SELECT, INSERT ON portal.marks_log
TO 'webapp'@'localhost';
```

ఖాతాకు మొత్తం డేటాబేస్ మీద అప్పటికే విస్తృత అధికారం ఇచ్చి ఉంటే ఈ వాక్యానికి అర్థం లేదు. ఆ పాత అధికారాన్ని ముందు తొలగించాలి.

దీని పరిమితి కూడా రాయాలి. లెక్చరర్ ఖాతా పాస్‌వర్డ్ బయటపడితే, లాగ్ ఆయన పేరే చెబుతుంది, పని చేసింది మాత్రం వేరొకరు. అంటే బుకాయింపుకు విరుగుడు నిలబడేది మారువేషానికి విరుగుడు నిలబడినంతసేపే. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ తలచుకుంటే లాగ్‌నూ మార్చగలరు, అందుకే దాని నకలు మరో యంత్రానికి పోవాలి.

ఇలా చేర్చిన లాగ్ కూడా బొమ్మలో కొత్త నిలవచోటే. మార్కుల చరిత్రనూ దాని నకలునూ ఒకే చోటుగా గీసినా పట్టిక పెరుగుతుంది. మామూలు నిలవచోటుకు వర్తించే మూడు ముప్పులతో పాటు లాగ్‌కు బుకాయింపు కూడా వర్తిస్తుంది కాబట్టి నాలుగు గళ్లు, దానికి వెళ్లే దారికి మూడు. మొత్తం 35. పొరపాటున పాస్‌వర్డ్‌లు లాగ్‌లో పడుతున్నాయా, లాగ్ నిండిపోయి సర్వర్ ఆగిపోతుందా అన్న ప్రశ్నలు అప్పుడే బయటికొస్తాయి.

అంకె మారిస్తే, ఫైలు మారితే

సమాచారం బయటపడే దారుల్లో ఈ పోర్టల్‌లో అన్నింటికంటే మామూలుది ఇది. తన అసైన్‌మెంటు చూడటానికి విద్యార్థి నొక్కిన లింకు ఇలా ఉందనుకుంటే,

```
GET /submission?id=1047
```

చివరి అంకెను 1048 చేసి చూడాలని ఎవరికైనా తోస్తుంది. సర్వర్ "ఇతను లాగిన్ అయ్యాడా" అని మాత్రమే చూసి ఫైలు ఇచ్చేస్తే, పక్కవాడి జవాబులన్నీ చేతికొచ్చినట్టే. అడగాల్సిన ప్రశ్న "ఈ ఫైలు ఇతనిదేనా" అన్నది. డేటాబేస్‌ను అడిగే వాక్యంలోనే అది ఉండాలి.

```sql
SELECT file_path FROM submissions
WHERE id = ? AND student_id = ?;
```

రెండో ప్రశ్నార్థకం స్థానంలోకి వచ్చే విలువ సర్వర్ దగ్గరున్న సెషన్ నుంచి రావాలి, లింకు నుంచి కాదు. లెక్చరర్‌కు వేరే వాక్యం ఉంటుంది, అది ఆయన బోధించే సబ్జెక్టు వరకే పరిమితం. వరస అంకెలకు బదులు ఊహించలేని పొడవాటి గుర్తులు వాడటం అదనపు రక్షణే తప్ప ఈ తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు. లింకు వాట్సాప్ గ్రూపులో పడిన రోజున ఆ గుర్తు అందరిదీ అవుతుంది.

ఇది సమాచారం బయటపడటమా, లేని అధికారాన్ని సంపాదించడమా అని విద్యార్థులు వాదించుకుంటారు. ఏ గడిలో రాసినా నష్టం లేదు, ఒకచోట రాస్తే చాలు. స్ట్రైడ్ ఉన్నది ముప్పులను కనిపెట్టడానికి, వాటికి సరైన అర కేటాయించడానికి కాదు.

లేని అధికారాన్ని సంపాదించే దారుల్లో సులువైనది, ఫారంలో దాచిన "పాత్ర" అనే విలువను విద్యార్థి నుంచి లెక్చరర్‌గా మార్చి పంపడం. పాత్రను సర్వర్ డేటాబేస్ నుంచే చదువుకుంటే దీని కథ ముగుస్తుంది. అంత సులువుగా కనపడనిది అప్‌లోడ్ ఫోల్డర్ దగ్గర ఉంది. ఫోల్డర్ వెబ్ సర్వర్ నేరుగా అందించే చోట ఉండి, సర్వర్ పీహెచ్‌పీ నడిపేదైతే, పీడీఎఫ్‌కు బదులు పీహెచ్‌పీ ఫైలు పంపినవాడు దాన్ని బ్రౌజర్‌లో తెరిచి సర్వర్ మీద తన ప్రోగ్రామును నడిపిస్తాడు. ఫోల్డర్‌ను బయటికి తీసేసి, ఫైలు పేరును సర్వరే పెడితే అది ఆగుతుంది.

అలా చేశాక కూడా ఒకటి మిగులుతుంది. విద్యార్థి హెచ్‌టీఎంఎల్ ఫైలును అసైన్‌మెంటుగా పంపుతాడు. సర్వర్‌కు దానివల్ల ఏమీ కాదు. లెక్చరర్ దాన్ని పోర్టల్‌లోనే నొక్కి తెరుస్తారు. బ్రౌజర్ దాన్ని పోర్టల్ సొంత పేజీగానే భావిస్తుంది, అందులోని స్క్రిప్ట్ లెక్చరర్ సెషన్‌తో నడిచి, ఆయనకు తెలియకుండానే మార్కుల ఫారం పంపేస్తుంది. కుకీని స్క్రిప్ట్ చదవకుండా అడ్డుకునే హెచ్‌టీటీపీ ఓన్లీ అమరిక ఇక్కడ అక్కరకు రాదు. స్క్రిప్ట్‌కు కుకీని చదవాల్సిన పనే లేదు, బ్రౌజరే దాన్ని జతచేసి పంపుతుంది. మార్కుల లాగ్‌లో లెక్చరర్ పేరే పడుతుంది. విరుగుడు: ఫైలు లోపలి సమాచారాన్ని చూసి పీడీఎఫ్ కాకపోతే తిప్పికొట్టడం, ఇచ్చేటప్పుడు తెరవకుండా డౌన్‌లోడ్ అయ్యేలా పంపడం, రకాన్ని సొంతంగా ఊహించవద్దని బ్రౌజర్‌కు చెప్పడం.

```
Content-Type: application/pdf
Content-Disposition: attachment
X-Content-Type-Options: nosniff
```

లెక్చరర్‌ను నమ్మకపు హద్దుకు లోపల గీసినవారి పట్టికలో ఈ ముప్పు కనిపించదు.

స్తంభించడం గురించి ఒక్క మాట. ఈ పోర్టల్‌కు దాడి చేసేవాడే రానక్కర్లేదు, గడువుకు ముందు పది నిమిషాల్లో అందరూ ఒకేసారి వస్తే అదే చాలు. ఫైలు పరిమాణానికి 10 ఎంబీ వంటి పరిమితి ఉండాలి, దాన్ని పూర్తిగా అందుకున్నాక కాక, అందుకుంటున్నప్పుడే అమలు చేయాలి.

ఏది ముందు, ఎలా తెలుస్తుంది

పట్టిక నిండాక ఏ ముప్పును ముందు పట్టించుకోవాలన్నది స్ట్రైడ్ చెప్పదు. దానికోసం మైక్రోసాఫ్ట్‌లోనే డ్రెడ్ అనే మార్కుల పద్ధతి ఉండేది. ఒకే ముప్పుకు ఇద్దరు వేసే మార్కులకు పొంతన కుదరక, తర్వాత దాన్ని వాళ్లే పక్కన పెట్టారు. అసైన్‌మెంటుకు జరిగే అవకాశం, జరిగితే నష్టం అనే రెండింటినీ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని రాసి, పక్కన కారణం చెబితే చాలు. లింకులో అంకె మార్చడానికి నైపుణ్యం అక్కర్లేదు, నష్టం తరగతి మొత్తానికి, కాబట్టి అది పైన ఉంటుంది. హెచ్‌టీఎంఎల్ ఫైలుకు కొంత తెలివి కావాలి, కానీ మార్కులే మారిపోతాయి, అదీ పైనే.

ప్రతి ముప్పుకూ నాలుగు జవాబుల్లో ఒకటి ఉండాలి. తగ్గించడం, ఆ సదుపాయాన్నే తీసేయడం, బాధ్యతను మరొకరికి అప్పగించడం, లేదా తెలిసే భరించడం. పోర్టల్‌లోనే ఫైలు చూపించే ప్రివ్యూ వద్దనుకోవడం తీసేయడం కిందికి వస్తుంది. లాగిన్‌ను కాలేజీ మొత్తానికి ఉన్న ఒకే లాగిన్ వ్యవస్థకు వదలడం అప్పగించడం. ఒకే సర్వర్ ఉంది, అది ఆగితే గడువు పొడిగిస్తామని రాసుకోవడం భరించడం, కానీ ఆ నిర్ణయం ఎవరిదో పేరు ఉండాలి.

తగ్గించామన్న ప్రతిదానికీ ఒక పరీక్ష జతకావాలి. ఒక విద్యార్థిగా లాగిన్ అయి మరొకరి ఫైలు నంబరు అడిగితే 404 రావాలి. విద్యార్థి సెషన్‌తో మార్కుల ఫారం పంపితే 403 రావాలి. పేరు మాత్రం పీడీఎఫ్‌గా మార్చిన హెచ్‌టీఎంఎల్ ఫైలు పంపితే తిరస్కరించాలి. వెబ్ అప్లికేషన్ ఖాతాతో మార్కుల లాగ్‌లో ఒక వరస చెరపబోతే డేటాబేస్ ఒప్పుకోకూడదు. పరీక్ష రాయలేని విరుగుడు ఉందంటే అది ఇంకా డిజైన్ కాలేదు, కోరిక దశలోనే ఉంది.

స్ట్రైడ్ పట్టికకు అందనివీ ఉన్నాయి. అధికారం ఉన్న లెక్చరర్ మార్కుల జాబితాను పేర్లతో సహా అందరికీ పంచితే, ఈ ఆరింటిలో ఏదీ దాన్ని సూటిగా పట్టుకోదు. వ్యక్తిగత గోప్యతకు బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న లిండన్ అనే వేరే పద్ధతి ఉంది. రేపు తల్లిదండ్రుల ఫోనుకు మార్కులు ఎస్ఎంఎస్‌గా పంపే సదుపాయం చేరిస్తే, బొమ్మలోకి తల్లిదండ్రులు, ఎస్ఎంఎస్ సంస్థ అనే ఇద్దరు కొత్త బయటివారు వస్తారు, వారితో కొత్త దారులు, కొత్త హద్దు వస్తాయి. 35 గళ్ల పట్టికకు ఆ రోజు మళ్లీ కొత్త వరసలు చేర్చి, ఫోను నంబరు మార్చమని వచ్చే కోరిక నిజంగా తల్లిదండ్రులదేనా అన్న ప్రశ్నతో మారువేషం గడి నుంచే పని మొదలుపెట్టాలి.